729: మూడంకెలు చెప్పేది, చెప్పనిది

రమజాన్ నెలవంకకు పదిహేను రోజుల ముందు నుంచే మన ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఖర్జూరం పెట్టె కొనేముందు బార్‌కోడ్ చూడండి, అది 729తో మొదలైతే ఇజ్రాయెల్ సరుకు, ముట్టుకోకండి, ఈ సంగతి పదిమందికి తెలియజేయండి అన్నది దాని సారాంశం. పంపేవారి ఉద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. పాలస్తీనాలో జరుగుతున్న దానికి తమ ఇంటి డబ్బు తోడ్పడకూడదని కోరుకోవడం ఎవరికైనా ఉన్న హక్కు. ఏ సరుకు కొనాలో, ఏది మానాలో నిర్ణయించుకోవడం కొనుగోలుదారుని చేతిలో ఉన్న అతి శాంతియుతమైన సాధనం. అయితే ఆ సాధనాన్ని ఏ గుర్తు ఆధారంగా వాడుతున్నామన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను మా ముందుకు తెచ్చినవారు ఒక కిరాణా దుకాణదారు.

ఆయన గత రమజాన్ తర్వాత మా కార్యాలయానికి ఒక కోకో పొడి డబ్బా పట్టుకుని వచ్చారు. మసీదు పక్కనే ఇరవై ఏళ్లుగా ఉన్న దుకాణం ఆయనది. ఒకరోజు ఎవరో ఆ డబ్బా ఫొటో తీసి, బార్‌కోడ్‌లోని 729 చుట్టూ ఎర్ర గీత గీసి, వీధి పేరుతో సహా గ్రూపుల్లో పెట్టారట. సాయంత్రానికి రోజూ వచ్చేవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి, "భాయ్ సాబ్, మీరు కూడానా?" అని అడిగి వెళ్లిపోవడం మొదలైంది. ఆయన డబ్బాలన్నీ తీసి లోపల పెట్టేశారు. అయినా ఆ నెలంతా బేరం సగమైంది. "నేను తప్పు చేసి ఉంటే చెప్పండి, చేయకపోతే అదైనా రాయండి" అన్నారు.

డబ్బాను తిప్పి చూశాం. గీతల కింద 729 ఉన్నమాట నిజం. కాని దానికి ఎడమవైపు, గీతల బయట, కాస్త దూరంగా ఒక 8 ఒంటరిగా ఉంది. ఫొటో తీసినవారు దానిని వదిలేశారు. ఆ 8ని కలుపుకుంటే సంఖ్య 8729తో మొదలవుతుంది. అంటే మొదటి మూడంకెలు 872. 870 నుంచి 879 దాకా ఉన్న అంకెలు నెదర్లాండ్స్‌వి. ఒక్క అంకెను చూడకపోవడం వల్ల నెదర్లాండ్స్‌లో నమోదైన డబ్బా ఇజ్రాయెల్ సరుకయిపోయింది.

ఆ అంకె అలా బయట ఎందుకుందో తెలిస్తే ఈ పొరపాటు మళ్లీ జరగదు. సరుకుల మీద బార్‌కోడ్‌ను దుకాణంలో తొలిసారి చదివించింది అమెరికాలో, 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. ఆ సంఖ్యకు పన్నెండంకెలు. 1977లో యూరపు దేశాలు తమకూ అలాంటి ఏర్పాటు చేసుకున్నప్పుడు, ఏ దేశపు సంస్థ ఇచ్చిన సంఖ్యో తెలియడానికి మరొక అంకె కావలసి వచ్చింది. గీతల సంఖ్య పెంచకుండానే పదమూడవ అంకెను ఇమడ్చాలి. అందుకని మొదటి అంకెకు సొంత గీతలు ఇవ్వలేదు. దాని తర్వాతి ఆరంకెల గీతలు ఏ తీరులో అల్లి ఉన్నాయో చూసి స్కానర్ ఆ అంకెను గ్రహిస్తుంది. మనుషుల కోసం మాత్రం దానిని గీతలకు బయట ఎడమవైపు అచ్చువేస్తారు. కాబట్టి నిజంగా 729తో మొదలయ్యే సరుకు మీద 7 విడిగా బయట ఉండి, ఆ తర్వాత గీతల కింద 29 అని మొదలవుతుంది. 729 మూడూ కలిసి గీతల కింద కనబడి, వాటికి ముందు బయట మరో అంకె ఉంటే అది ఇజ్రాయెల్ సంఖ్య కాదు.

ఇలాంటి పొరపాటే మరొకటి అమెరికా సరుకుల విషయంలో జరుగుతుంది. అక్కడి పన్నెండంకెల సంఖ్య ఇప్పటికీ వాడుకలో ఉంది. దానిని పదమూడంకెల పద్ధతిలో చదవాలంటే ముందు ఒక సున్నా చేర్చుకోవాలి. పన్నెండంకెల సంఖ్య 729తో మొదలైతే అది నిజానికి 0729. మొదటి మూడంకెలు 072. 060 నుంచి 139 దాకా ఉన్నవి అమెరికావి. అందువల్ల మొదట అంకెలు లెక్కపెట్టాలి. పదమూడు ఉంటేనే మొదటి మూడింటిని ఉన్నవి ఉన్నట్టుగా చదవవచ్చు.

సరే, అంకెలు సరిగ్గా లెక్కపెట్టాం, మొదటి మూడూ 729 అనే తేలింది. అప్పుడది ఏం చెబుతుంది? ఈ సంఖ్యలను ప్రపంచమంతటా నడిపే వ్యవస్థ పేరు జీఎస్1. దీనికి వందకు పైగా దేశాల్లో సభ్య సంస్థలున్నాయి. ప్రతి సంస్థకూ కొన్ని మొదటి అంకెలు కేటాయించారు. మన దేశంలో 1996లో ఏర్పడిన జీఎస్1 ఇండియాకు 890, ఇజ్రాయెల్ సంస్థకు 729, సౌదీకి 628, ఎమిరేట్స్‌కు 629, జోర్డాన్‌కు 625. ఒక కంపెనీ రుసుము కట్టి ఏదో ఒక సంస్థలో సభ్యత్వం తీసుకుంటే దానికొక కంపెనీ సంఖ్య వస్తుంది. ఆపైన తన ఒక్కొక్క సరుకుకు అంకెలు వేసుకునేది ఆ కంపెనీయే. అంటే 729 చెప్పేది ఒక్కటే: ఈ సంఖ్య పుచ్చుకున్న కంపెనీ ఇజ్రాయెల్‌లోని సంస్థ వద్ద నమోదైంది. సరుకు ఎక్కడ పండింది, ఎక్కడ తయారైంది, ఎక్కడ ప్యాకెట్టులోకి వెళ్లింది, లాభం ఎవరి జేబులో పడుతుంది అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. బ్రాండు యజమాని దేశమైనా చెబుతుందా అంటే అదీ నమ్మదగినది కాదు. ట్రేడ్‌మార్కు నమోదు వేరే చట్టం కింద, వేరే కార్యాలయంలో జరిగే పని. బార్‌కోడ్ సంస్థకు దానితో సంబంధం లేదు.

దూరం పోనక్కరలేదు, మన వంటింట్లోనే చూడవచ్చు. మ్యాగీ ప్యాకెట్టు మీద 890 ఉంటుంది. దాని అసలు యజమాని నెస్లే స్విట్జర్లాండ్ కంపెనీ. ఆ నెస్లేయే 2016లో ఇజ్రాయెల్ ఆహార కంపెనీ ఓసెమ్‌ను పూర్తిగా తన సొంతం చేసుకుంది. అలాగే ఇజ్రాయెల్ కంపెనీ సోడాస్ట్రీమ్‌ను పెప్సీకో 2018లో కొన్నది. పెప్సీ సీసా మన ఊళ్లో 890తోనే అమ్ముడవుతుంది. ఈ కంపెనీలను బహిష్కరించాలని మేము అనడం లేదు, కూడదనీ అనడం లేదు. అది పాఠకుల అంతరాత్మకు వదిలేస్తున్నాం. 729 లేదు కాబట్టి ఆ దేశపు వ్యాపారంతో సంబంధం లేదని తృప్తిపడేవారు మోసపోతున్నారన్నదే మా మాట. దీనికి తిరుగుముఖం కూడా ఉంది. పశ్చిమ తీరంలోని ఒక పాలస్తీనా ఆలివ్ నూనె వ్యాపారి ఇజ్రాయెల్ సంస్థ దగ్గరే సంఖ్య తీసుకుంటే అతని సీసా మీదా 729 ఉంటుంది. ఎవరికి అండగా నిలబడాలని బయలుదేరామో వారి సరుకునే అల్మరాలోంచి తీసి పారేసినవాళ్లమవుతాం.

ఇక్కడ సోడాస్ట్రీమ్ చరిత్రను కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో అసలు చూడవలసినది ఏమిటో అది చక్కగా చూపిస్తుంది. ఇంట్లోనే సోడా తయారుచేసుకునే యంత్రాలు, వాటికి కావలసిన సిరప్పులు ఆ కంపెనీ సరుకు. మునుపు దాని పేరు సోడా క్లబ్. దాని ఫ్యాక్టరీ ఇజ్రాయెల్ గుర్తింపు పొందిన సరిహద్దుల్లో లేదు. 1967 నుంచి ఆక్రమణలో ఉన్న పశ్చిమ తీరంలో, జెరూసలేంకు తూర్పున, మిషోర్ అదుమీమ్ అనే పారిశ్రామికవాడలో ఉండేది. బ్రిటా అనే జర్మన్ కంపెనీ ఆ సరుకు దిగుమతి చేసుకుని, ఇజ్రాయెల్‌తో యూరోపియన్ యూనియన్‌కు ఉన్న ఒప్పందం ప్రకారం సుంకంలో రాయితీ అడిగింది. హాంబర్గ్ రేవు కస్టమ్స్ అధికారులు ఆ సరుకు ఆక్రమిత ప్రాంతంలో తయారైందేమోనని ఇజ్రాయెల్ అధికారులను వివరం కోరారు. తమ కస్టమ్స్ పరిధిలోనే తయారైందని జవాబు వచ్చింది గాని, ఏ చోట అన్నది చెప్పలేదు. రాయితీ నిరాకరించారు. వ్యాజ్యం యూరపు న్యాయస్థానానికి చేరింది. 2010 ఫిబ్రవరి 25న న్యాయస్థానం కస్టమ్స్ వాదనే నిలబెట్టింది. పశ్చిమ తీరంలో తయారైన సరుకుకు ఇజ్రాయెల్ ఒప్పందం కింద రాయితీ వర్తించదని తీర్పు చెప్పింది.

ఆ అధికారులు అడిగినది బార్‌కోడ్ కాదు, ఫ్యాక్టరీ చిరునామా. 2005 ఫిబ్రవరి నుంచి ఇజ్రాయెల్ ఎగుమతిదారులు యూరపుకు పంపే ఉత్పత్తి ధ్రువపత్రాల మీద సరుకు తయారైన ఊరి పేరు, పిన్‌కోడ్ రాయవలసి ఉంది. ఏ పిన్‌కోడ్‌లు ఆక్రమిత ప్రాంతంలోని సెటిల్‌మెంట్లవో యూరోపియన్ యూనియన్ దగ్గర జాబితా ఉంది. 729 ఈ తేడాను ఎన్నటికీ చూపించలేదు. కంపెనీ ఇజ్రాయెల్ సంస్థ వద్ద నమోదై ఉంటే, ఫ్యాక్టరీ టెల్ అవీవ్‌లో ఉన్నా, లాక్కున్న పాలస్తీనా నేల మీద ఉన్నా, అంకెలు అవే. సోడాస్ట్రీమ్ 2015లో మిషోర్ అదుమీమ్‌ను వదిలి దక్షిణాన నెగెవ్‌కు ఫ్యాక్టరీ మార్చింది. అంతర్జాతీయ చట్టం దృష్టిలో అది పెద్ద మార్పు. కాని ఫ్యాక్టరీ మారినంత మాత్రాన కంపెనీ సంఖ్య మారదు.

ఇక ఖర్జూరం. మన సందేశాలన్నీ దాని చుట్టూ తిరుగుతున్నాయి గనుక దాని దారి తెలుసుకుందాం. ఇజ్రాయెల్ ఎగుమతి చేసే ఖర్జూరంలో ముఖ్యమైనది మెడ్జూల్ రకం, పెద్దది, మెత్తనిది. దాని తోటల్లో కొన్ని జోర్డాన్ లోయలోని సెటిల్‌మెంట్లలో ఉన్నాయి. అదే లోయలో, జెరికో చుట్టూ, పాలస్తీనా రైతులూ అదే మెడ్జూల్ పండిస్తారు. యూరపుకు వెళ్లే ఖర్జూరం పెద్ద పెట్టెల్లో వెళ్లి, అక్కడ చిన్న డబ్బాల్లోకి మారి, సూపర్‌మార్కెట్ల సొంత పేరుతో అమ్ముడవుతుంది. బ్రిటన్ దుకాణం తన సొంత పేరుతో అమ్మితే సంఖ్య 50తో మొదలవుతుంది. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న మన తెలుగు కుటుంబం ఆ డబ్బా మీద 729 వెతికి, లేదని నిశ్చింతగా ఇఫ్తార్‌కు తెచ్చుకుంటుంది. ఆ డబ్బా మీదే చిన్న అక్షరాల్లో పంట దేశం రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. బ్రిటన్ ప్రభుత్వం 2009 డిసెంబరులోనే, పశ్చిమ తీరపు సరుకైతే అది పాలస్తీనా వారిదా, సెటిల్‌మెంట్లదా అన్నది లేబుల్ మీద విడిగా తెలపాలని దుకాణాలకు సూచించింది. యూరపు న్యాయస్థానం 2019 నవంబరు 12న, సాగోట్ అనే సెటిల్‌మెంటులోని ద్రాక్ష సారాయి కంపెనీ వ్యాజ్యంలో, ఆక్రమిత ప్రాంతాల ఆహార పదార్థాల మీద ఆ సంగతి, సెటిల్‌మెంటుదైతే ఆ సంగతీ రాయడం తప్పనిసరి అని తీర్పిచ్చింది. ఎన్నో ఏళ్లు పోరాడి సాధించిన అక్షరాలవి. మనం వాటిని వదిలి అంకెలు పట్టుకున్నాం.

మన ఊళ్ల సంగతి ఇంకొక రకం. హైదరాబాద్ బేగంబజారులో రమజాన్‌కు దిగే ఖర్జూరం ఇరాక్, ఇరాన్, సౌదీ, ఎమిరేట్స్ వంటి దేశాల నుంచి వస్తుంది. అట్టపెట్టెలు విప్పి తూకానికి అమ్మినప్పుడు బార్‌కోడ్ అన్నదే లేదు. సూపర్‌మార్కెట్టులో తూచి అంటించే చీటీ మీద సంఖ్య సాధారణంగా 2తో మొదలవుతుంది. అది ఆ దుకాణం తన సొంత వాడకానికి వేసుకున్నది, ఏ దేశానిదీ కాదు. ఇక్కడి వ్యాపారి డబ్బాల్లో పెట్టి తన పేరు వేసుకుంటే 890. ఆ 890ని చూసి ఖర్జూరం మన దేశంలో పండిందని ఎవరూ అనుకోరు కదా! మరి 729 దగ్గరకు వచ్చేసరికి మాత్రం అంకెలే పంట పొలం అయిపోతున్నాయి. 2020లో చైనా సరుకు మానాలన్న పిలుపు వచ్చినప్పుడూ 690 నుంచి 699 దాకా చూడమని ఇలాగే సందేశాలు తిరిగాయి. చైనాలో తయారై 890 వేసుకున్న బొమ్మలు, బల్బులు అప్పుడు నిరాటంకంగా అమ్ముడుపోయాయి.

అయితే దేన్ని చూడాలి? మన చట్టమే దారి చూపుతోంది. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం దిగుమతైన ప్రతి ప్యాకెట్టు మీద ఉత్పత్తి దేశం పేరు, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. ఆహార పదార్థమైతే ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో చేసిన లేబుల్ నిబంధనలూ అదే కోరుతున్నాయి. దిగుమతిదారు లైసెన్సు సంఖ్య కూడా ఉండాలి. 'కంట్రీ ఆఫ్ ఆరిజిన్' అన్న మాట పక్కన ఏముందో అదే మనకు కావలసిన జవాబు. ఆ మాట లేని విదేశీ ప్యాకెట్టు కనబడితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు చేయవచ్చు, తూనికలు కొలతల శాఖకూ రాయవచ్చు. బార్‌కోడ్ సందేశాన్ని పదిమందికి పంపడం కంటే ఇది కాస్త శ్రమతో కూడిన పని, ఒప్పుకుంటాం.

లేబులుకూ పరిమితులున్నాయి, దాచడం ఎందుకు? సరుకు స్వభావమే మారేలా రెండో దేశంలో శుద్ధి చేస్తే ఆ రెండో దేశమే ఉత్పత్తి దేశంగా లెక్కకు వస్తుంది. ఖర్జూరం ఒకచోట పండి, గుజ్జయి, మరో దేశంలో బిస్కెట్టులో చేరితే పంట దేశం మాయమైపోతుంది. తూకానికి అమ్మేచోట లేబులే ఉండదు. అప్పుడు వ్యాపారిని మర్యాదగా అడగడమే మార్గం: అసలు అట్టపెట్టె ఉందా, దాని మీద ఏం రాసి ఉంది? టోకు వ్యాపారైతే, కస్టమ్స్‌లో దాఖలయ్యే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉత్పత్తి దేశం నమోదై ఉంటుంది. దిగుమతిదారు ఆ వివరం చెప్పగలడు. ఆధారం చూపలేని సరుకు మీద సందేహం ఉంటే కొనకుండా ఊరుకోవచ్చు, దుకాణదారు మీద ముద్ర వేయనవసరం లేదు.

యాజమాన్యం గురించి తెలుసుకోవాలనుకునేవారికి బార్‌కోడ్ ఒక చిన్న సాయం మాత్రం చేస్తుంది. gs1.org లో "Verified by GS1" అనే చోట పదమూడంకెలూ కొడితే ఆ సంఖ్య ఏ కంపెనీ పేరున ఉందో వస్తుంది. మూడంకెలు ఇవ్వలేని పేరు పదమూడంకెలు ఇస్తాయి. ఆ కంపెనీ ఏం చేస్తోందన్నది అక్కడి నుంచి విడిగా వెతకాలి. సెటిల్‌మెంట్లలో వ్యాపారం చేస్తున్న కంపెనీల జాబితాను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2020 ఫిబ్రవరిలో మొదటిసారి ప్రకటించి, తర్వాత సవరిస్తూ వచ్చింది. ఆ మొదటి జాబితాలో 112 కంపెనీలుంటే 94 ఇజ్రాయెల్‌వి, మిగతా 18 మరో ఆరు దేశాలవి. ఆ జాబితా తయారుచేసినవారు కంపెనీలు చేసే పనులను ఒక్కొక్కటిగా పరిశీలించారు, ఆయా కంపెనీలకు ఉత్తరాలు రాసి జవాబులు అడిగారు. 2005లో పాలస్తీనా పౌర సంఘాలు ఇచ్చిన బహిష్కరణ పిలుపు నుంచి పుట్టిన ఉద్యమం కూడా ఎంచుకున్న కొద్ది కంపెనీల మీదే దృష్టి పెట్టమంటుంది. కనబడిన ప్రతిదాన్నీ మానమనదు.

2020 ఏప్రిల్‌లో తోపుడు బండ్ల మీద కూరగాయలమ్మే మనవాళ్ల పేర్లు అడిగి, వైరస్ తెస్తున్నారని వదంతి పుట్టించి, వీధుల్లోకి రానీయని రోజులు మనకు గుర్తున్నాయి. ఒక ఫొటో, ఒక ఎర్ర గీత, ఒక చిరునామా చాలునని అప్పుడు తెలిసింది. ఈ దుకాణదారు తనకు జరిగినదాన్ని దానితో పోల్చలేదు, మేమే పోలుస్తున్నాం.

మేము చెప్పింది విని ఆయన డబ్బాను మళ్లీ చేతిలోకి తీసుకుని, ఆ ఒంటరి 8 మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. డబ్బాలు తిరిగి అల్మరాలో పెట్టారట. ఫొటో పెట్టినవారు తప్పు తెలుసుకుని దానిని తొలగించారు. కాని అది అప్పటికే చేరిన గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉందని, పోయిన వారం పక్క ఊరి బంధువొకరు దాన్నే తనకు పంపి జాగ్రత్త చెప్పారని ఆయన ఫోనులో అన్నారు.